వచ్చుకీ వలెనుకీ మధ్య

పదకొండేళ్ళుగా నేను ఆటగాళ్ళ సంఘం ఆఫీసులో పని చేస్తున్నాను. ముందు గదిలో నా బల్ల. ఫోనెత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, లాయరు గారు అడిగిన కాగితాలకి జిరాక్స్ తీసి పిన్ను కొట్టి ఇవ్వడం, ఇదీ నా ఉద్యోగం. ఎన్ని వందల ఒప్పందాలు నా చేతుల మీదుగా వెళ్ళాయో చెప్పలేను. ఒక్కటంటే ఒక్కటి చదివిన పాపాన పోలేదు. మా అక్క కూతురి ఒప్పందం వచ్చేదాకా ఆ కాగితాల్లో ఏముంటుందో నాకు తెలియదు.

మా అక్క కూతురు ఫుట్‌బాల్ గోల్‌కీపరు. ఇంటా బయటా దాన్ని గొళ్ళెం అంటారు. ఆ పేరు పెట్టింది మా బావే. నాలుగేళ్ళప్పుడు వీధి గుమ్మంలో చేతులు బారచాపి నిలబడి, పాలవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. "ఇది పిల్ల కాదే, గొళ్ళెం" అన్నాడు బావ. పేరు అతుక్కుపోయింది. పదిహేడేళ్ళు వచ్చేసరికి ప్రేక్షకులు కూడా ఆ పేరే అరవడం మొదలుపెట్టారు.

నాకు ఆట అంత తెలీదు. కానీ ఒక ఆదివారం చూసింది మాత్రం మర్చిపోలేను. అవతలి జట్టు అమ్మాయి ఐదడుగుల దూరం నుంచి కొట్టింది. ఆ అమ్మాయి కాలు ఇంకా బంతికి తగలనే లేదు, మా పిల్ల అప్పటికే గాల్లో ఉంది. బంతి దాని చేతిలోకి వచ్చి పడిందనిపించింది తప్ప అది వెళ్ళి పట్టుకున్నట్టు లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ పిల్లకేనా నేను ముక్కు తుడిచింది అనుకున్నాను.

ఆ తర్వాత నెలకే పెద్ద లీగులో ఆడే క్లబ్బు నుంచి ఒప్పందం ముసాయిదా వచ్చింది. పంతొమ్మిది పేజీలు. మూడేళ్ళకి.

శనివారం పొద్దున పదింటికి ముగ్గురూ మా ఆఫీసుకి వచ్చారు. బావ కార్ల షెడ్డులో డెంటింగ్ మేస్త్రీ. చేతులు కిరసనాయిలుతో ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నలుపు పోలేదు, అందుకని రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. అక్క ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రాగానే ముసాయిదాని తీసుకుని మడత పడిన మూలల్ని అరచేత్తో సాపు చేసింది. గొళ్ళెం ట్రాక్‌సూట్లో వచ్చింది, ప్రాక్టీసు నుంచి నేరుగా.

"పిన్నీ, నువ్వూ కూర్చో" అంది. లాయరు గారు తలూపారు. అలా ఆ గదిలో మొదటిసారి వినడానికి కూర్చున్నాను.

మా లాయరు గారు లావుపాటి మనిషి, నిదానం. ఆయనకో అలవాటుంది. "అర్థమైందా?" అని ఎవర్నీ అడగరు. విడమరిచి చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అంటారు. మొదట్లో చాలామందికి కోపం వస్తుంది, బడిలో పాఠం అప్పజెప్పమన్నట్టు. కానీ అక్కడే తెలిసిపోతుంది ఎవరికి ఎంత ఎక్కిందో.

"జీతం, బోనసు, దెబ్బ తగిలితే వైద్యం, ఇవన్నీ బాగానే ఉన్నాయి" అన్నారు ఆయన. "మూడేళ్ళ గడువు కూడా సరే. పద్దెనిమిది నిండనివాళ్ళకి అంతకంటే ఎక్కువ కాలం కట్టిపడేయకూడదని ఆట నియమం. నాకు నిద్ర పట్టనివ్వనివి రెండే చోట్లు. ఒకటి ఏడో పేజీ, ఒకటి చివర్లో ఉన్న అనుబంధం."

ఏడో పేజీ తీశారు. రిలీజ్ క్లాజు.

"ఇందులో రెండు కోట్లని ఒక అంకె ఉంది చూశారా? ఇదేంటో చెప్పండి బాబూ" అన్నారు బావతో.

బావ గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి మధ్యలో మానేస్తే మేము కట్టాల్సిన జరిమానా అండీ." ఆ మాట చెప్తుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వారం రోజులుగా ఆ భయంతోనే తిరుగుతున్నాడని అక్క తర్వాత చెప్పింది.

"కాదు. మీరు దమ్మిడీ కట్టక్కర్లేదు."

"అయితే మాకొచ్చేదా?" బావ మొహం ఒక్కసారిగా వెలిగింది.

"అదీ కాదు."

గొళ్ళెం పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది.

లాయరు గారు పెన్సిలుతో ఖాళీ కాగితం మీద రెండు డబ్బాలు గీశారు. "ఇది మీ క్లబ్బు. ఇది వేరే క్లబ్బు. గడువు మధ్యలో వేరే క్లబ్బు మీ అమ్మాయి కావాలంటే, మామూలుగా మీ క్లబ్బు ఇష్టం. ఎంతైనా అడగొచ్చు. అసలు ఇవ్వం పొమ్మనొచ్చు. రిలీజ్ క్లాజు ఉంటే మటుకు, అక్కడ రాసిన మొత్తం ఇస్తామని వేరే క్లబ్బు వస్తే మీ క్లబ్బు కాదనడానికి లేదు. అమ్మాయితో మాట్లాడనివ్వాలి. డబ్బు వేరే క్లబ్బు డబ్బాలోంచి మీ క్లబ్బు డబ్బాలోకి పోతుంది. మీ ఇంటికి రాదు, మీ ఇంట్లోంచి పోదు."

బావ ఆ డబ్బాల మీదికి వంగాడు. "అంటే బండికి రేటు కట్టినట్టు."

"అక్కడే అందరూ పొరబడేది. కొన్నవాడింటికి నేను పోనని బండి అనలేదు. మీ అమ్మాయి అనగలదు. ఆ అంకె మీ క్లబ్బు నోరు మాత్రమే మూయిస్తుంది, అమ్మాయి నోరు కాదు. కొత్త క్లబ్బు జీతం ఎంత, ఎన్నేళ్ళు, ఏ షరతులు, అవన్నీ దీనితో విడిగా మాట్లాడుకోవాలి. ఇది ఒప్పుకుని సంతకం పెడితేనే ఆ డబ్బు చేతులు మారుతుంది. వద్దంటే అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్తారు. ఇప్పుడు మీరు నాకు చెప్పండి."

బావ చెప్పాడు. తడబడుతూ, ఒళ్ళో దాచిన చేతులు బయటికి తీసి గాల్లో డబ్బాలు గీస్తూ. చివర్లో ఆగి, మెల్లగా, "అంత డబ్బు పోసినా దీని సొంత మాట మిగిలే ఉంటుందన్నమాట" అన్నాడు. అలా అంటూ కూతురి వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది, ఏదో ఎత్తయిన కట్టడాన్ని కింద నిలబడి చూసినట్టు.

"ఇదంతా క్లాజు సరిగ్గా ఉంటే" అన్నారు లాయరు గారు. "ఇందులో ఎలా ఉందో చదువుతాను వినండి. 'పై మొత్తమునకు తగ్గని ప్రతిపాదన వచ్చినచో క్లబ్బు దానిని పరిశీలించవచ్చును.'" పెన్సిలుతో చివరి మాట కింద గీత గీశారు. "పరిశీలించవచ్చును. చూడొచ్చు. చూసి పక్కన పడేయనూ వచ్చు. ఇది తలుపు బొమ్మ, తలుపు కాదు. ఇక్కడ 'అంగీకరించవలెను' అని ఉండాలి."

నేను ముందుకి వంగి చూశాను. వచ్చు. వలెను. ఆ చివరి మాట పోయి ఈ మూడక్షరాలు రావాలి, అంతే. ఒక మనిషి మూడేళ్ళు ఆ చిన్న మాటకి ఇటు ఉంటుందా, అటు ఉంటుందా? ఇలాంటి మాటలు నా కళ్ళ ముందు నుంచి జిరాక్స్ మిషను వెలుగు చారలో ఎన్నిసార్లు జారిపోయాయో, ఎవరెవరి మాటలో!

తర్వాత అనుబంధం. దాని పేరే 'రూప హక్కులు'.

"దీని రూపం మీద హక్కేంటండీ?" అంది అక్క. అప్పటిదాకా నోరు విప్పలేదు. "మొహం దానిదే కదా. నేను కన్నాను."

"మొహం దానిదే అమ్మా. ఆ మొహాన్ని పోస్టరు మీద వేసి ఏదైనా అమ్మే హక్కు ఎవరిదన్నదే ఇక్కడ మాట. పేరు, ముద్దుపేరు, ఫొటో, సంతకం, గొంతు, చొక్కా వెనక నంబరు, ఇవన్నీ కలిపి రూపం అంటారు. జట్టు చొక్కా వేసుకుని జట్టు పనిలో ఉన్నప్పుడు క్లబ్బు దీని బొమ్మ వాడుకోవడం మామూలే. టిక్కెట్ల మీద, మ్యాచ్ పోస్టర్ల మీద. అది లేకపోతే క్లబ్బు నడవదు. కానీ ఇక్కడేం రాశారంటే..." ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివారు. "'అన్ని వేళలా, ఏ హోదాలోనైనా, ఇప్పుడున్న మరియు ఇకపై కనిపెట్టబడు అన్ని మాధ్యమములలో, శాశ్వతముగా, ఇతరులకు బదిలీ చేయు అధికారముతో సహా.'"

ఆయన పెన్సిలుని మళ్ళీ మొదటి మాట దగ్గరికి తెచ్చారు.

"విడగొట్టి చెప్తాను. అన్ని వేళలా, ఏ హోదాలోనైనా అంటే సొంత చొక్కా వేసుకుని మీ పెరట్లో నిలబడ్డా. రేపు ఏ బూట్ల కంపెనీయో దీన్ని సొంతంగా పిలిచి డబ్బులిస్తానంటే ఇది సరే అనడానికి లేదు, క్లబ్బుని అడగాలి. ఇకపై కనిపెట్టబడు అంటే, దీని మొహం, గొంతు మిషన్లో పోసి, ఇది అనని మాట అన్నట్టుగా తయారు చేసినా తప్పు లేదు. శాశ్వతముగా అంటే ఇది క్లబ్బు వదిలేసినా, ఆటే మానేసినా. బదిలీ అంటే క్లబ్బు ఈ హక్కుని ఎవరికైనా అమ్ముకోవచ్చు, పందేల కంపెనీకైనా సరే. వీటన్నిటికీ కలిపి ఇచ్చేది..." పేజీ తిప్పారు. "ఏమీ లేదు. విడిగా పైసా లేదు."

అక్క కళ్ళు పెద్దవయ్యాయి. కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పదిహేడేళ్ళుగా రోజూ చూస్తున్న మొహమే. పొద్దున తల దువ్విన మొహమే. "ఇంత ఉందా దీన్లో!" అంది.

"ముద్దుపేరు కూడానా?" అడిగింది గొళ్ళెం.

"ముద్దుపేరు కూడా. వాళ్ళు ఇప్పటికే కండువాల మీద అచ్చు వేయించడానికి నమూనా చేయించారు."

"నేను పెట్టిన పేరండీ అది!" అన్నాడు బావ, ఎవరో షెడ్డులోంచి పనిముట్లు ఎత్తుకుపోయినట్టు.

*

బుధవారం క్లబ్బుకి వెళ్ళాం. స్టేడియం మెట్ల కింద ఆఫీసు. కిటికీలోంచి చూస్తే మైదానం, దాని మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు తిరుగుతున్నాయి. క్లబ్బు డైరెక్టరు యాభై దాటిన ఆవిడ, కాళ్ళకి పరుగు బూట్లు, బల్ల మీద ముసాయిదా పక్కనే మందుల డబ్బా. మాటతీరు మర్యాదగానే ఉంది. ఆవిడ మోసగత్తె అని నేను అనను. అందరికీ ఇచ్చే కాగితమే మాకూ ఇచ్చింది. అందరూ సంతకం పెట్టేశారు, అంతే.

లాయరు గారు రెండు చోట్లూ చూపించారు. ఆవిడ విన్నది. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

"నిజం చెప్తాను. నా జట్టుకి రెండే ఆధారాలు. స్పాన్సరు, పిల్లల్ని తయారు చేసి పెద్ద క్లబ్బులకి ఇస్తే వచ్చే డబ్బు. వలెను అని రాయమంటే రాస్తాను, కానీ అంకె తగ్గించను. తగ్గించమంటే అనుబంధం ముట్టుకోకండి. రెండూ అడిగితే నేను పైవాళ్ళకి మొహం చూపించలేను."

లాయరు గారు పది నిమిషాలు అడిగారు. మేం బయటికి వచ్చి ఖాళీ మెట్ల మీద కూర్చున్నాం.

"అంకె తగ్గించమను" అన్నాడు బావ. "రెండు కోట్లు పెట్టి ఆడపిల్లల గోల్‌కీపర్ని ఎవరు తీసుకుంటారు? వలెను రాసినా తలుపు తెరుచుకోదు."

"అంకె గింకె నాకు తెలీదు. మొహం ఇవ్వను" అంది అక్క.

వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు, నేను ఆ ఆఫీసులో పని చేస్తున్నాను కాబట్టి నాకేదో తెలుసన్నట్టు. నేను లాయరు గారి వైపు తిరిగాను. ఆయన గొళ్ళెం వైపు చూస్తున్నారు.

అది మాత్రం మైదానం చూస్తోంది. అటు చివర ఉన్న గోలుని. పెనాల్టీకి ముందు దాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అచ్చం అలాగే ఉంది.

"లాయరు గారూ, ఆ అంకె ఒక్కటే ఉండాలని ఏమైనా ఉందా?"

"అంటే?"

"మా క్లబ్బు పెద్ద లీగులో ఉన్నంతకాలం రెండు కోట్లే ఉండనివ్వండి. నాకూ ఇక్కడ ఆడాలనే ఉంది. ఓడిపోతూ ఓడిపోతూ కింద లీగుకి పడిపోతే? అప్పుడు స్పాన్సరు ఉండడు, మంచి కోచ్ ఉండదు, నేను మాత్రం రెండు కోట్ల గోడ వెనక ఉంటాను. పడిపోతే మాత్రం అంకె కూడా పడిపోవాలి. అలా రాయొచ్చా?"

లాయరు గారు జేబులోంచి పెన్సిలు తీసి, గొళ్ళెం వైపు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "రాయొచ్చు" అన్నారు. "రాస్తారు కూడా చాలా చోట్ల. నీకు నేను చెప్పలేదే!"

"మీరు చెప్పలేదు. గోల్‌లో నిలబడేటప్పుడు బంతి ఎక్కడుంటే నేను అక్కడికి జరగాలి కదండీ. ఒకేచోట నిలబడితే ఎలా?"

అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ ఆదివారం టోపీ తీసేసిన పెద్దాయన గుర్తొచ్చాడు. అవతలివాళ్ళ కాలు కదలకముందే ఈ పిల్ల కదులుతుందని నాకు తెలుసు, కానీ కాగితాల మీద కూడా కదులుతుందని తెలియదు.

లోపలికి వెళ్ళాక లాయరు గారు మాట్లాడనే లేదు. దాన్నే చెప్పమన్నారు. అది చెప్పింది. పెద్ద లీగులో ఉంటే రెండు కోట్లు. పడిపోతే ముప్ఫై లక్షలు. రెండిటికీ 'అంగీకరించవలెను'. బొమ్మ విషయంలో, జట్టు చొక్కాలో, జట్టు పనిలో, ఒప్పందం ఉన్నంతకాలం క్లబ్బు వాడుకోవచ్చు. సొంత బట్టల్లో సొంత పని తనది. గొళ్ళెం అన్న పేరు తనది, కండువాల మీద వేసుకోవాలంటే తనని అడిగి, వాటా ఇచ్చి వేసుకోవాలి. మిషన్లతో మొహం, గొంతు తయారు చేయకూడదు. పందేల కంపెనీకి తన బొమ్మ ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

డైరెక్టరు పెన్ను కింద పెట్టింది. "మేం పడిపోతామనుకుంటున్నావా?"

"లేదండీ. పడిపోకుండా నేనే ఆపుతాను. ఆపలేకపోతే అన్నాను."

ఆవిడ నవ్వింది, మొదటిసారి. లేచి పక్కగదికి వెళ్ళి ఎవరితోనో ఇరవై నిమిషాలు ఫోనులో మాట్లాడింది. తిరిగొచ్చి ఒక్క మార్పు అడిగింది. స్పాన్సరు ప్రకటనల్లో గొళ్ళెం ఒక్కదాన్నే వేయరు, కానీ కనీసం ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు పక్కనుంటే జట్టు చొక్కాలో దీన్నీ నిలబెట్టుకోనివ్వాలి. లాయరు గారు దాని వైపు చూశారు. అది తలూపింది.

దానికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి పక్కనే అక్క కూడా సంతకం పెట్టాలి. అక్క పెన్ను పట్టుకుని, పేజీని అరచేత్తో సాపు చేసి, ఒక్కో అక్షరం బొమ్మ గీసినట్టు రాసింది. రాశాక ఆ సిరా ఆరేదాకా కాగితం వదల్లేదు.

*

మొదటి సీజను సగం దాకా బానే ఉంది. తర్వాత క్లబ్బు పెద్ద స్పాన్సరు తప్పుకున్నాడు. ఇద్దరు మంచి డిఫెండర్లు వెళ్ళిపోయారు. గొళ్ళెం వారం వారం గాల్లోకి ఎగిరింది, ఒక మ్యాచ్‌లో పదమూడు ఆపింది, పద్నాలుగోది దూరింది. చివరి వారం క్లబ్బు కింద లీగుకి పడిపోయింది. ఆ రోజు డ్రెస్సింగ్ రూము బయట డైరెక్టరు గోడకి తల ఆనించి నిలబడి ఉంది. గొళ్ళెం వెళ్ళి ఆవిడ పక్కనే అలాగే నిలబడింది.

మూడు వారాలకి మా ఆఫీసు ఫోను మోగింది. దేశంలో అందరికీ తెలిసిన క్లబ్బు. ముప్ఫై లక్షలు ఇస్తామని మన క్లబ్బుకి రాతపూర్వకంగా పంపారు. సాయంత్రానికల్లా డైరెక్టరు నుంచి కాగితం వచ్చింది: అమ్మాయితో మాట్లాడుకోవచ్చు. ఆవిడకి ఇష్టం లేదు. ఇష్టంతో పనిలేదు. కాగితం తెచ్చి లాయరు గారి బల్ల మీద పెట్టాను. ఎక్కడో ఏడో పేజీలో మూడక్షరాలు. ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా పడుకున్నాయి. పని పడిన రోజున లేచి నిలబడ్డాయి, ఒక స్టేడియం అంత క్లబ్బు పక్కకి జరిగింది.

మా బావ ఆ వారం షెడ్డులో అందరికీ టీలు తాగించాడు.

ఆ పెద్ద క్లబ్బు పంపిన ఒప్పందంలో జీతం ఐదింతలు. వెనక అనుబంధం. ఈసారి లాయరు గారు చదవకముందే మా అక్క వెనకనుంచి తిప్పుకుంటూ వచ్చి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో. శాశ్వతముగా."

వాళ్ళతో రెండుసార్లు మాట్లాడారు. బొమ్మకి విడిగా డబ్బిస్తామన్నారు, కానీ శాశ్వతముగా అన్న మాట తీసేది లేదన్నారు. మా దగ్గర అందరూ ఇలాగే చేస్తారు, చిన్నపిల్లకి ఇంత పట్టుదల ఏంటన్నారు. గొళ్ళెం ఒక రోజంతా గడువు అడిగి ఆలోచించింది. మర్నాడు మా ఆఫీసులోంచే ఫోను చేసి, మర్యాదగా, వద్దంది.

అంతే. ముప్ఫై లక్షలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

బావ నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మరదలా, అంతమంది పెద్దవాళ్ళు, అంత డబ్బు, కోట్లు పలికే పేరు. నా కూతురు ఒక్క మాటంటే వెనక్కి వెళ్ళిపోయారు. నేను ఇన్నాళ్ళూ ఎవరికీ వద్దని చెప్పి ఎరగను. ఓనరు వద్దన్న రోజున పని మానడమే తప్ప." కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అదే వారం డైరెక్టరు మా ఆఫీసుకి వచ్చింది. ముందు గదిలో నా బల్ల దగ్గరే కూర్చుంది. "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. క్లబ్బు వద్దంటే ఆటగాళ్ళు ఏడవడం చూశాను. క్లబ్బు నోరు మూసుకుని సరేనంటే ఆటగత్తె వద్దనడం ఇదే చూడటం" అంది. జీతం పెంచి కొత్త ఒప్పందం ఇస్తాను, ముప్ఫై లక్షల క్లాజు తీసేయనివ్వమని అడగడానికి వచ్చింది. నేను కబురు చేస్తే వచ్చిన గొళ్ళెం ఆవిడకి టీ ఇచ్చి, ఆ ఒక్కటీ తప్ప ఇంకేదైనా అడగమంది. ఆవిడ పట్టుబట్టలేదు.

గొళ్ళెం ఆరు నెలలపాటు కింద లీగులోనే ఆడింది. గడ్డి సరిగా లేని మైదానాలు, రెండొందల మంది జనం. అక్కడ కూడా అదే దూకుడు. ఆటగాళ్ళు క్లబ్బులు మారే శీతాకాలపు గడువు మొదలైన రెండో రోజు ఇంకో క్లబ్బు ముప్ఫై లక్షల కాగితం పంపింది. మొదటిదంత పేరున్నది కాదు, చాలా దూరం కూడా. జీతం మూడింతలే. కానీ అనుబంధం ఒకే పేజీ. జట్టు చొక్కా, జట్టు పని, గడువు ఉన్నంతకాలం. లాయరు గారు చదివి, కాగితం తిప్పి చూసి, వెనక ఇంకేమీ లేదని నిర్ధారించుకున్నారు.

"ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అన్నారు దానితో.

అది మొత్తం చెప్పింది. ఒక్క మాట పొల్లు పోకుండా, ఏది ఎవరిది, ఎప్పటిదాకా, ఎవరు కాదనగలరు, ఎవరు కాదనలేరు. ఇప్పుడు దానికి పంతొమ్మిది నడుస్తోంది. సంతకం ఒక్కతే పెట్టింది. అక్క పక్కన కూర్చుని చూసింది.

వెళ్ళే ముందు రోజు పొద్దున పాత క్లబ్బు మైదానంలో చివరి ప్రాక్టీసు. మేం ముగ్గురం వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. మేం మెట్లెక్కబోతుంటే గొళ్ళెం కేకేసింది.

"నాన్నా, అక్కడ కాదు. ఇలా రా. గోలు వెనక నిలబడు."

బావ ఇన్నేళ్ళూ పక్కనుంచి చూసినవాడే. వల వెనక ఎప్పుడూ నిలబడలేదు. మొహమాటంగా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కూతురి వీపు, దానవతల ఖాళీ పచ్చిక, దూరంగా ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వస్తోంది. కొట్టింది.

బావ కింద కూర్చుండిపోయాడు. వల ఉంది, వల ముందు కూతురుంది, అయినా రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. అక్క పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. మెల్లగా లేచి, వల పట్టుకుని, దాని కన్నాల్లోంచి చూశాడు. బంతి కూతురి చేతుల్లో ఉంది. అది అప్పటికే దాన్ని వెనక్కి విసిరి మళ్ళీ వంగి నిలబడింది.

"ఇంత జోరుగా వస్తుందే?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "రోజూ ఇలాగేనా? దీని మీదికి?"

"రోజూ ఇలాగే బావా."

రెండో బంతి వచ్చింది. ఈసారి ఆయన కూర్చోలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాడు. మూడోదానికి తెరిచే ఉంచాడు. వాళ్ళు ప్రాక్టీసు ముగించి ఒక్కొక్కరే లోపలికి పోతున్నా, ఆ వల వదలకుండా, ఎండెక్కేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.